ఘనాహారం మొదలుపెట్టాక పిల్లలకు మలబద్ధకం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరు నెలలు దాటి ఘనాహారం మొదలైన పిల్లల నుంచి మూడేళ్ల లోపు పిల్లల దాకా ఈ పేజీ వర్తిస్తుంది. అన్ని ప్రశ్నలూ చదివే ఓపిక లేకపోతే నాలుగోది మాత్రం చదవండి. చాలా ఇళ్లలో సమస్య అక్కడే ముడిపడి ఉంటుంది.

1. పాపకు రెండు రోజులుగా మోషన్ అవ్వలేదు. ఇది మలబద్ధకమేనా?

రోజులు లెక్కపెట్టే ముందు డైపర్‌లో ఏం వచ్చిందో చూడండి. రెండు రోజులకు ఒకసారి వెళ్లినా మెత్తగా, నొప్పి లేకుండా వస్తే అది ఆ పాప పద్ధతి, అంతే. రోజూ వెళ్తున్నా మేకపెంటికల్లా గట్టి ఉండలు వస్తుంటే, వెళ్లేటప్పుడు ఏడుస్తుంటే అది మలబద్ధకమే.

ఏడాది, రెండేళ్ల పిల్లలు ఎక్కువమంది రోజుకు ఒకటి రెండు సార్లు వెళ్తారు. రోజుకు మూడు సార్లు వెళ్లేవాళ్లూ, రోజు విడిచి రోజు వెళ్లేవాళ్లూ ఉంటారు. వారానికి రెండు సార్లో అంతకన్నా తక్కువో అవుతున్నా, మలం చాలా లావుగా వస్తున్నా, వెళ్లడానికి భయపడుతున్నా పట్టించుకోవాలి. ఒక్కసారి గట్టిగా వచ్చినంత మాత్రాన టెన్షన్ పడనక్కర్లేదు. జ్వరం వచ్చి తగ్గిన తర్వాతో, ప్రయాణం తర్వాతో అలా జరుగుతూనే ఉంటుంది.

2. మా బాబుకు ఏడు నెలలు. పది నిమిషాలు ముక్కి, ముఖం ఎర్రబడేలా ఏడుస్తాడు. చివరికి చూస్తే మెత్తగానే వస్తుంది. మందు వేయాలా?

వద్దు. చివరికి వచ్చేది మెత్తగా ఉంటే అది మలబద్ధకం కాదు. కడుపుతో ముక్కుతూ అదే సమయంలో కింద కండరాన్ని వదులు చేయడం పెద్దవాళ్లకు తెలియకుండానే జరిగిపోతుంది. పసిపిల్లలు దాన్ని నేర్చుకోవాలి. తొమ్మిది నెలలు వచ్చేసరికి సాధారణంగా దానంతట అదే సర్దుకుంటుంది. ఈలోగా థర్మామీటరో దూదిపుల్లో పెట్టి సాయం చేయకండి. బయటి నుంచి తడితేనే మోషన్ వస్తుందని పిల్లలు అలవాటు పడతారు.

3. పాలు తాగినన్నాళ్లూ బాగానే ఉంది. ఘనాహారం పెట్టగానే ఎందుకు ఇలా?

తల్లిపాలలో దాదాపు అంతా అరిగిపోతుంది, మిగిలేది తక్కువ. ఆ మిగిలింది కూడా పల్చగా ఉంటుంది. ఘనాహారం మొదలవగానే పేగులోకి కొత్తరకం సరుకు వస్తుంది. పైగా మనం మొదట పెట్టేవి మెత్తగా, సులువుగా అరిగేవి కావాలని చూస్తాం. పాలిష్ పట్టిన బియ్యపు జావ, తొక్క తీసి ఉడికించిన ఆపిల్, మైదా బ్రెడ్, బిస్కెట్ లాంటివి. వీటిలో పీచు చాలా తక్కువ. పిల్లలు తాగే పాలు కొంత తగ్గుతాయి, ఆ లోటు తీరేంత నీళ్లు ఇంకా అలవాటు కావు.

పెద్దపేగు పని మలంలోంచి నీటిని పీల్చుకోవడం. లోపల ఎంతసేపు నిలిస్తే అంత నీరు పీలుస్తుంది. అందుకే ఒక రోజు ఆలస్యమైన మలం మర్నాడు ఇంకా గట్టిపడుతుంది. కింది ప్రశ్నలన్నింటి వెనకా ఉన్నది ఈ చిన్న విషయమే.

ఘనాహారం మొదలైన తొలి వారాల తర్వాత మరో రెండు సమయాల్లో ఈ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. ఒకటి, ఏడాది నిండాక ఆవుపాలకు మారినప్పుడు. రెండోది, పాటీ అలవాటు చేసేటప్పుడు.

4. మా వాడు సోఫా వెనక్కి వెళ్లి, మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు బిగించి వణుకుతాడు. ఎంత ముక్కినా రావట్లేదు. ఏం చేయాలి?

వాడు ముక్కట్లేదు. బిగపడుతున్నాడు.

చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి దాదాపు అందరూ ఇక్కడే పొరబడతారు. నిజంగా వెళ్లాలనుకునే పిల్లలు కూర్చుంటారు, మోకాళ్లు మడుస్తారు, ముందుకు వంగుతారు. ఆపుకోవాలనుకునేవాళ్లు నిటారుగా నిలబడతారు, కాళ్లు కత్తెరలా అడ్డం వేస్తారు, పిరుదులు బిగిస్తారు, మూలకు వెళ్లి దాక్కుంటారు. ముఖం మాత్రం రెండు సందర్భాల్లోనూ ఎర్రబడుతుంది.

ఒకరోజు ఏదో కారణంగా గట్టిగా వచ్చి నొప్పి పుట్టింది. ఏడాదిన్నర పిల్లాడికి దాంతో ఒకటే అర్థమైంది: ఇది బయటకి వస్తే నొప్పి. కాబట్టి రానివ్వకూడదు. మర్నాడు మోషన్ వచ్చే కదలిక తెలియగానే బిగపట్టాడు. కాసేపటికి ఆ కదలిక పోయింది. మలం లోపలే ఉండి నీరు కోల్పోయింది. మూడో రోజు ఇంకా లావుగా, ఇంకా గట్టిగా వచ్చింది. వాడి భయం నిజమే అయింది. తర్వాతిసారి ఇంకా గట్టిగా బిగపడతాడు. ఇలా వారాలు గడిస్తే మలాశయం సాగిపోతుంది, నిండినా నిండినట్టు తెలియదు. అప్పుడు వాడు కావాలని ఆపుకోకపోయినా మోషన్ రాదు.

పీచు, నీళ్లు అనేవి మలాన్ని మెత్తబరుస్తాయి తప్ప భయాన్ని పోగొట్టవు. భయం పోవాలంటే నొప్పి లేని మోషన్ ఒకటి కాదు, పదులకొద్దీ జరగాలి. అందుకే మూడు నాలుగు రోజులు బాగున్నంత మాత్రాన సమస్య తీరినట్టు కాదు. ఇప్పటికే బిగపట్టడం మొదలైతే పండ్లతో నెట్టుకొస్తూ నెల గడపకండి. ఈ దశలో చాలామందికి మందు అవసరమవుతుంది.

5. పీచు ఎంత ఇవ్వాలి? కొలిచి పెట్టాలా?

తూకం వేయనక్కర్లేదు. రెండేళ్లు దాటినవాళ్లకు వయసుకు అయిదు కలిపితే వచ్చినన్ని గ్రాములు రోజుకు కనీసం అందాలనేది ఒక మోటు లెక్క. అంటే రెండేళ్ల పాపకు ఏడు గ్రాములు. అంతకన్నా ఎక్కువ సూచించే ప్రమాణాలూ ఉన్నాయి, కానీ ఈ అంకె దగ్గరికి కూడా చేరని పిల్లలు చాలామంది. రెండేళ్ల లోపువాళ్లకు అంకె గురించి ఆలోచించకుండా ప్రతి భోజనంలో పీచున్నది ఒకటి ఉందా లేదా అని చూసుకుంటే చాలు.

తొక్కతో ఉన్న మధ్యస్థం పియర్ పండులో అయిదు గ్రాముల దాకా పీచు ఉంటుంది. ఆపిల్‌లో తొక్కతో కాస్త తక్కువ. ఉడికించిన పచ్చిబఠాణీ అర కప్పులో నాలుగు గ్రాముల చిల్లర. పప్పులు, చిక్కుళ్లు, ఓట్స్, ముడి ధాన్యంతో చేసిన బ్రెడ్ ఇవన్నీ పనికొస్తాయి. రెండు చెంచాల బఠాణీ, అర పియర్, కాస్త ఓట్స్ జావ, కాస్త పప్పు పెడితే రెండేళ్ల పాపకు ఆ ఏడు గ్రాములు దాటిపోతాయి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. నెమ్మదిగా పెంచండి, నాలుగైదు రోజులకు ఒక కొత్త పదార్థం చొప్పున. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టి పిల్లలు అన్నమే మానేస్తారు. రెండు, ముడి తవుడు విడిగా కలిపి పెట్టకండి. చిన్న పొట్ట దానితోనే నిండిపోయి అసలు పోషకాలు తగ్గుతాయి. మూడోది గొంతుకు అడ్డుపడే ప్రమాదం. పచ్చి ఆపిల్ ముక్కలు, పచ్చి క్యారెట్, గింజలు, గుండ్రటి ద్రాక్ష పీచు కోసమని చేతికి ఇవ్వకూడదు. ఆపిల్ తురమండి లేదా ఉడికించండి, ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు చేయండి.

నా అభిప్రాయం చెప్పాలంటే, పీచు విషయంలో మన ఆశలు కాస్త ఎక్కువ. తక్కువ తినే పిల్లలకు తగినంత అందించడం వల్ల లాభం ఉంది. ఇప్పటికే తగినంత తింటున్నవాళ్లకు ఇంకా ఇంకా కలిపి పెడితే మలబద్ధకం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పిల్లల జీర్ణకోశ నిపుణుల మార్గదర్శకాలు కూడా మామూలు మోతాదులో పీచు, మామూలు మోతాదులో నీళ్లు అనే చెబుతాయి.

6. నీళ్లు బాగా తాగిస్తే మెత్తబడుతుందా?

నీళ్లు తక్కువైన పిల్లలకు, అవును. సరిపడా తాగుతున్న పిల్లలకు అదనంగా పట్టించిన నీళ్లు మూత్రంగా పోతాయి, మలంలోకి చేరవు. మూత్రం లేత రంగులో ఉండి, డైపర్లు మామూలుగా తడుస్తుంటే నీళ్లు సరిపోతున్నట్టే.

ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య రోజు మొత్తం మీద 120 నుంచి 240 మిల్లీలీటర్లు చాలు, భోజనంతో పాటు గుక్కలు గుక్కలుగా. ఈ వయసులో ప్రధాన పానీయం పాలే. ఏడాది దాటాక పాలతో కలిపి సుమారు ఒక లీటరు ద్రవం. ఎండలు, జ్వరం ఉంటే ఇంకాస్త. ఆరు నెలల లోపు పసివాళ్లకు మలబద్ధకం అని విడిగా నీళ్లు పట్టకండి. ఫార్ములా పాలలో డబ్బా మీద రాసిన దానికన్నా ఎక్కువ నీళ్లు కలపడం ఏ వయసులోనూ చేయకూడదు. రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు.

7. పాలు మానిపించాలా?

మానిపించనక్కర్లేదు, కొలత చూసుకోండి. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు అర లీటరు దగ్గర ఉంటే సరిపోతుంది. లీటరు తాగే పిల్లాడికి ఆకలి ఎక్కడుంటుంది? పాలలో పీచు సున్నా. పైగా అన్ని పాలు తాగేవాళ్లకు ఇనుము తక్కువై రక్తహీనత కూడా వస్తుంది.

కొద్దిమంది పిల్లలకు ఆవుపాలలోని ప్రోటీన్ పడక మలబద్ధకం వస్తుంది. ఏ వైద్యానికీ లొంగని మలబద్ధకం, దానితో తామర లాంటి అలర్జీ లక్షణాలు ఉంటే డాక్టర్ రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పాల పదార్థాలు ఆపి చూడమనవచ్చు. ఇది మీ అంతట మీరు చేసే ప్రయోగం కాదు. పాలు ఆపినన్నాళ్లూ కాల్షియం ఎక్కడి నుంచి వస్తుందో ముందే అనుకోవాలి.

8. ప్రూన్, పియర్ రసాలు నిజంగా పని చేస్తాయా?

ప్రూన్, పియర్, ఆపిల్‌లో సార్బిటాల్ అనే చక్కెర ఉంటుంది. అది పేగులో పూర్తిగా ఇంకదు, తనతో పాటు నీటిని పేగులో పట్టి ఉంచుతుంది. అందుకే మలం మెత్తబడుతుంది. మిగతా ఇంటి చిట్కాల్లో ఎక్కువ భాగం నమ్మకం మీద నడిచేవి, దీని వెనక మాత్రం స్పష్టమైన కారణం ఉంది.

రసం కన్నా పండు మేలు. నానబెట్టి మెత్తగా మెదిపిన ప్రూన్ గుజ్జు రోజుకు ఒకటి రెండు చెంచాలతో మొదలుపెట్టండి. రసమే ఇవ్వాలంటే చక్కెర కలపనిది, ఒకటి నుంచి మూడేళ్ల వాళ్లకు రోజుకు 120 మిల్లీలీటర్లు దాటకుండా, సీసాతో కాకుండా కప్పుతో. ఏడాది లోపు పిల్లలకు మామూలుగా రసం ఇవ్వరు. మలబద్ధకానికి కొద్ది రోజులు ఇవ్వొచ్చు, కానీ ఎంతో డాక్టర్‌ని అడిగే ఇవ్వండి. మోషన్ పల్చబడి డైపర్ దగ్గర ఒరుసుకుపోతుంటే ఎక్కువైనట్టు, తగ్గించండి.

9. అరటిపండు పెట్టొచ్చా?

బాగా పండింది పెట్టండి. పచ్చిగా ఉన్నదానిలో అరగని పిండిపదార్థం ఎక్కువ. రోజుకు మూడు తినిపించి మిగతావేవీ తినకపోతే ఏ పండైనా సమస్యే.

10. ఒక ఉదాహరణతో చెప్పగలరా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

పదిహేను నెలల బాబు, బరువు పది కిలోలు అనుకుందాం. ఏడాది నిండగానే ఆవుపాలు మొదలుపెట్టారు. రోజుకు నాలుగు సీసాలు, ఒక్కోటి 240 మిల్లీలీటర్లు, అందులో ఒకటి అర్ధరాత్రి. తినేది ఒక మైదా బ్రెడ్ ముక్క, సగం అరటిపండు, నాలుగు బిస్కెట్లు, రెండు ముద్దల అన్నం. మోషన్ నాలుగు రోజులకోసారి, గట్టిగా, అంచున ఎర్రటి రక్తపు చారతో. వారం నుంచి తలుపు వెనక నిలబడి బిగపడుతున్నాడు.

ఇక్కడ ముందు కనిపించేది పాలు: 960 మిల్లీలీటర్లు. పీచు రోజు మొత్తం మీద మూడు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. కానీ రక్తం, బిగపట్టడం రెండూ ఉన్నాయి కాబట్టి తిండి ఒక్కటే మారిస్తే సరిపోదు. తిండి మార్పు పేగుకు అందడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఇంకో నాలుగు గట్టి మోషన్లు అయితే భయం ఇంకా పెరుగుతుంది. డాక్టర్ మలం మెత్తబరిచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రాశారు, రోజుకు ఒకసారి, బరువును బట్టి.

పాలు ఒక్కరోజులో కోయలేదు. మొదటి మూడు రోజులు అర్ధరాత్రి సీసాలో పాలు సగం చేశారు, తర్వాత ఆపేశారు. ఆ వారం చివర్లో మధ్యాహ్నం సీసా తీసేసి, మిగిలిన రెండింటినీ అన్నం తిన్నాక కప్పుతో ఇచ్చారు. పది రోజుల్లో 480 మిల్లీలీటర్లకు వచ్చింది. మొదటి మూడు రాత్రులు ఏడుపే. అయిదో రోజు నుంచి పొద్దున ఆకలితో లేచాడు. అప్పుడు ఓట్స్ జావలో పియర్ తురిమి పెట్టారు. తర్వాత పప్పులో మెదిపిన బఠాణీ. నీళ్లు భోజనానికి ఒక చిన్న కప్పు.

రెండో వారం చివరికి రోజూ మెత్తగా వస్తోంది. అమ్మయ్య అనుకుని మందు ఆపేశారు. ఆరు రోజులకే మళ్లీ తలుపు వెనక నిలబడ్డాడు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. మళ్లీ మందు మొదలుపెట్టి, ఈసారి కనీసం రెండు నెలలు వాడి, మొత్తం నెల రోజులు ఏ ఇబ్బందీ లేదని చూసుకున్నాకే డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించారు. నెల దాటాక బాబు బిగపట్టడం మానేశాడు. అదెప్పుడు ఆగిందో ఇంట్లో ఎవరూ గమనించలేదు కూడా.

11. మందు కాకుండా ఇంట్లో ఏం చేయొచ్చు?

భోజనం అయిన అరగంట లోపు పేగు సహజంగానే కదులుతుంది. ఆ సమయంలో నడవడం వచ్చిన పిల్లల్ని పాటీ మీద అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. పాదాలు గాలిలో వేలాడకూడదు. కింద చిన్న పీట వేసి మోకాళ్లు నడుము కన్నా పైకి వచ్చేలా చూడండి. అయిదు నిమిషాలు దాటితే లేపేయండి, వచ్చినా రాకపోయినా.

ఇంకా చిన్నవాళ్లకు వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడించడం, బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు మెత్తగా నిమరడం, గోరువెచ్చటి స్నానం. ఇవి పెద్ద వైద్యాలేమీ కావు, కానీ ఏ హానీ లేదు, బిగిసిన కండరాలు కాస్త వదులవుతాయి.

12. ఏవి చేయకూడదు?

ఏడాది లోపు తేనె నాకించకూడదు. దానిలో బోట్యులిజం బీజాలు ఉండొచ్చు. విచిత్రం ఏమిటంటే ఆ జబ్బు తొలి లక్షణాల్లో మలబద్ధకమే ఒకటి. ఆముదం తాగించకండి, మెలిపెట్టే నొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. సబ్బు ముక్క లోపల పెట్టడం, సబ్బునీళ్ల ఎనిమా సున్నితమైన పొరను కాలుస్తాయి. దుకాణంలో దొరికే ఫాస్ఫేట్ ఎనిమాలు రెండేళ్ల లోపు పిల్లల్లో లవణాలను తారుమారు చేసి ప్రాణం మీదికి తేగలవు. మినరల్ ఆయిల్ పసివాళ్లకు పట్టకూడదు, పొరపోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. గ్లిజరిన్ సపోజిటరీ డాక్టర్ చెప్పినప్పుడు, ఎప్పుడో ఒకసారి మాత్రమే. పెద్దవాళ్ల మందును సగం చేసి వేయడం అసలే వద్దు.

13. మలం మెత్తబరిచే మందుకు పేగు అలవాటు పడిపోదా?

పాలీఇథిలీన్ గ్లైకాల్, లాక్టులోజ్ పేగును తరిమి పని చేయించే మందులు కావు. నీటిని పట్టి ఉంచుతాయి, అంతే. పేగు బద్ధకించదు. లాక్టులోజ్‌తో కాస్త గ్యాస్ పట్టొచ్చు. అసలు మందులు వాడక, గట్టి మలంతో సాగిపోయిన మలాశయమే పేగును బద్ధకించేలా చేస్తుంది. మొదలుపెట్టడం, ఆపడం మాత్రం డాక్టర్ చెప్పినట్టే.

14. మలం మీద రక్తపు చార కనిపించింది.

గట్టి మలం అంచున తాజా ఎర్రటి చార అయితే ఎక్కువగా మలద్వారం దగ్గర చిన్న చీలిక పడినట్టు. చుట్టూ పెట్రోలియం జెల్లీ రాయండి, మలం మెత్తబడేలా చూడండి, డాక్టర్‌కి ఒకసారి చూపించండి. మలం మెత్తగా ఉన్నా రక్తం వస్తుంటే, మలంలో కలిసిపోయి ఉంటే, నల్లగా తారులా ఉంటే ఆలస్యం చేయకండి. ఇనుము చుక్కలు వాడేవాళ్లకు మలం ముదురు రంగులో రావడం వేరే విషయం.

15. అయిదు రోజులు రాలేదు, ఇప్పుడు నీళ్లలా కారుతోంది. విరేచనాల మందు వేయొచ్చా?

వేయకండి. లోపల గట్టి ముద్ద అడ్డుపడి, దాని పక్క నుంచి పల్చటి మలం జారుతుండవచ్చు. అప్పుడు విరేచనాలు ఆపే మందు ఉన్న సమస్యను రెట్టింపు చేస్తుంది. ముందు మలబద్ధకం ఉండి తర్వాత బట్టలకు కొద్దికొద్దిగా అంటుతుంటే ఇదే అనుమానించి డాక్టర్‌కి చూపించండి.

16. పాటీ అలవాటు చేస్తున్నాం. కొనసాగించాలా?

కొన్ని వారాలు ఆపేయండి. డైపర్‌లోనే వెళ్తానంటే వెళ్లనివ్వండి. మెత్తగా, రోజూ, భయం లేకుండా అవుతున్నప్పుడు మళ్లీ మొదలుపెట్టవచ్చు.

17. డాక్టర్ దగ్గరకు ఎప్పుడు పరుగెత్తాలి?

ఆకుపచ్చ రంగు వాంతులు, కడుపు బిగుసుకుని ఉబ్బడం, జ్వరంతో పాటు డీలాపడటం ఉంటే అదే రోజు, రాత్రయినా సరే. పాలు పీల్చడంలో బలం తగ్గినా, ఏడుపు సన్నబడినా, ఒళ్లు వదులుగా అనిపించినా అంతే.

బరువు పెరగకపోవడం, మలం రిబ్బన్‌లా సన్నగా రావడం, కాళ్లలో బలహీనత, నడుము కింద గుంటో వెంట్రుకల కుచ్చో ఉండటం కూడా చూపించవలసినవే. సమస్య ఘనాహారంతో కాక పుట్టిన నెలలోపే మొదలైతే, లేదా పుట్టాక తొలి నల్లటి మలం 48 గంటలు దాటినా రాకపోయి ఉంటే ఆ మాట తప్పక చెప్పండి. పేగులో నరాల కణాలు లేకుండా పుట్టే హిర్‌ష్‌స్ప్రంగ్ జబ్బును అనుమానించడానికి ఆ ఒక్క వివరమే దారి చూపుతుంది. చాలామంది తల్లులకు గుర్తుండదు, ప్రసవం నాటి కాగితాలు వెంట తీసుకెళ్లండి.

ఇవేవీ లేకపోయినా, తిండి, నీళ్లు సరిచేసి రెండు వారాలైనా మార్పు లేకపోతే వెళ్లండి. వెళ్లేటప్పుడు వారం రోజులు ఏ రోజు మోషన్ అయింది, ఎలా ఉంది, ఎన్ని పాలు తాగాడు అన్నది రాసుకోండి. ఫోన్‌లో డైపర్ ఫొటో ఒకటి తీసుకెళ్లడానికి మొహమాటపడకండి. డాక్టర్లకు అది నోటిమాట కన్నా ఎక్కువ చెబుతుంది.